ఒకే పార్కింగ్‌కి రెండు చలానాలు: ఏది కట్టాలి, ఏది ప్రశ్నించాలి

*సార్, మా కారు మామగారి పేరు మీద ఉంది. ఆయన చిత్తూరులో ఉంటారు, మేం తిరుపతిలో. ఫిబ్రవరి 12న బాబుకు జ్వరమని తిలక్ రోడ్డులో పిల్లల డాక్టరు దగ్గరికి నేనే కారులో తీసుకెళ్లాను. రోడ్డు పక్కన ఆపి, అరగంటలో వచ్చేశాను. నో పార్కింగ్ బోర్డు నాకెక్కడా కనిపించలేదు. ఇప్పుడు, మార్చి 9న, మామగారికి పోస్టులో రెండు నోటీసులు వచ్చాయి. ఆయన ఫోన్లో ఫోటో తీసి పంపారు. ఒకదాంట్లో టైము 11:40, ఇంకోదాంట్లో 11:52. రెండింట్లోనూ మా కారు, పక్కన అదే కొబ్బరి బోండాల బండి. ఒక్కోదానికి రూ. 535. "జారీ చేసిన తేదీ నుంచి 45 రోజుల్లో చెల్లించాలి లేదా అభ్యంతరం తెలపాలి, లేనిచో అంగీకరించినట్లు భావించబడును" అని కింద ఉంది. ఇంటికి పోలీసులు వస్తారేమోనని మామగారికి ఒకటే టెన్షన్. గొడవెందుకు, రెండూ కట్టేద్దాం అంటున్నారు మా ఆయన. ఎప్పటిలోగా కట్టాలి? ఒకసారి ఆపినందుకు రెండుసార్లు ఫైన్ వేయొచ్చా? ఫోటోలు జత చేశాను.*
*— ఒక పాఠకురాలు, తిరుపతి*

అమ్మా, ముందు మీ మామగారికి ఫోన్ చేసి ఒక మాట చెప్పండి. ఈ నోటీసులో రాసిన నేరానికి చట్టంలో ఉన్న శిక్ష జరిమానా ఒక్కటే. జైలు శిక్ష అన్న మాటే అందులో లేదు. దీనికోసం ఎవరూ ఇంటికి రారు. ఆర్సీ మీద ఆయన పేరుంది కాబట్టి నోటీసు ఆయనకు వెళ్లింది, అంతే. కెమెరాతోనో, ఫోన్‌తోనో ఫోటో తీసి వేసే చలానాలో బండి నడిపింది ఎవరో పోలీసులకు తెలీదు. నంబరు ప్లేటు చూసి, ఆ నంబరు ఎవరి పేరు మీద ఉంటే వాళ్ల అడ్రసుకు పంపిస్తారు. నడిపింది ఎవరని పోలీసులు అడిగితే చెప్పాల్సిన బాధ్యత మాత్రం యజమానిదే. మోటారు వాహనాల చట్టం 133వ సెక్షన్ ఆ మాటే చెబుతుంది. అడిగినప్పుడు 'మా కోడలు నడిపింది' అంటే చాలు.

ఇక మీరు పంపిన ఫోటోల సంగతి. పెద్దవాళ్లు కాగితం ఫోటో తీసేటప్పుడు మధ్యలో ఉన్న బొమ్మ బాగా పడాలని చూస్తారు, అంచులు పోతాయి. మీ మామగారూ అదే చేశారు. కారు స్పష్టంగా ఉంది కానీ మొదటి నోటీసులో చలానా నంబరు చివరి అంకెలు తెగిపోయాయి, రెండోదాంట్లో జారీ చేసిన తేదీ మీద ఆయన బొటనవేలు నీడ పడింది. మనకు పనికొచ్చేవి ఆ అంచుల్లో ఉన్న అక్షరాలే. కాగితాన్ని బల్ల మీద పరిచి, నాలుగు మూలలూ కనిపించేలా, ముందూ వెనకా మళ్లీ తీయించండి. ఒరిజినల్ కాగితాలు, కవరుతో సహా, పారేయవద్దని చెప్పండి. కవరు మీద పోస్టు ముద్ర తేదీ ఉంటుంది. నోటీసు ఎప్పుడు చేతికొచ్చిందో చూపించడానికి మీ దగ్గర ఉండే సాక్ష్యం అదొక్కటే.

ఆ కాగితంలో చూడాల్సినవి అయిదు: నేరం జరిగిందని రాసిన తేదీ, టైము, స్థలం, సెక్షన్ నంబరు, చలానా జారీ చేసిన తేదీ. మొత్తం ఎంతన్నది అందరూ ముందు చూస్తారు గానీ, నిజానికి అది చివరగా చూడాల్సింది. మీ నోటీసులో రూ. 500 జరిమానా, రూ. 35 యూజర్ చార్జీలు అని విడివిడిగా ఉంది. సెక్షన్ దగ్గర 122, 177 అని రెండు అంకెలున్నాయి. మొదటిది తప్పేమిటో చెబుతుంది, రెండోది శిక్ష ఎంతో చెబుతుంది. ఈ రెండు అంకెల దగ్గరికి మళ్లీ వస్తాను, మీ ప్రశ్నకు జవాబు ఉన్నది అక్కడే.

ఒకటి రూపాయి కూడా కట్టకముందే చేయాలి. నోటీసు నిజమైనదేనా అని చూసుకోండి. చలానా పేరుతో మోసాలు ఎక్కువయ్యాయి. వాట్సాప్‌లో మీ బండి నంబరుతో సహా మెసేజ్ వస్తుంది, దాని కింద ఒక లింకో, `.apk` అని ముగిసే ఫైలో ఉంటుంది. ఆ ఫైలు ఇన్‌స్టాల్ చేస్తే ఫోన్లోకి వచ్చే ఓటీపీలు వాళ్లకు పోతాయి, అకౌంటు ఖాళీ అవుతుంది. కాగితం మీద అచ్చేసిన క్యూఆర్ కోడ్‌నీ గుడ్డిగా నమ్మక్కర్లేదు. ఫోటోలోని కోడ్ స్కాన్ చేయకుండా, బ్రౌజర్‌లో మీరే `echallan.parivahan.gov.in` అని టైపు చేసి వెళ్లండి. చివర `gov.in` తప్ప ఇంకేం ఉన్నా బయటికి వచ్చేయండి. అందులో `Check Challan Status` దగ్గర చలానా నంబరుతో గానీ బండి నంబరుతో గానీ వెతకొచ్చు. బండి నంబరుతో వెతికితే చాసిస్ నంబరు లేదా ఇంజన్ నంబరులోని చివరి ఐదు అంకెలు అడుగుతుంది, అవి ఆర్సీ మీద ఉంటాయి. మీకు బండి నంబరుతో వెతకడమే మేలు. అలాగైతే ఈ రెండే కాదు, ఆ కారు మీద ఇంకేమైనా ఉంటే అవీ బయటపడతాయి. నోటీసులోని చలానా అక్కడ కనిపించకపోతే డబ్బు కట్టొద్దు, ఆ కాగితం తీసుకుని ట్రాఫిక్ పోలీస్ స్టేషన్‌లో అడగండి. పొరపాటున డబ్బు మోసగాళ్లకు పోయిందనుకుంటే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

ఆ పేజీలో ఒక్కో చలానా పక్కన ఫోటో కూడా చూడొచ్చు. కాగితం మీద అచ్చయిన బొమ్మ అగ్గిపెట్టె అంత ఉంటుంది, అందులో వెనకాల ఏముందో తెలీదు. సైట్‌లో ఉన్నది పెద్దది చేసి చూడండి. రెండూ దించుకుని భద్రపరచండి.

ఇప్పుడు గడువు. మీ నోటీసుల్లో జారీ తేదీ ఫిబ్రవరి 14 (రెండోదాంట్లోనూ అదేనా అని సైట్‌లో సరిచూసుకోండి, నీడ వల్ల నాకు స్పష్టంగా లేదు). మీరు బండి ఆపిన 12వ తేదీతో గానీ, కవరు అందిన మార్చి 9తో గానీ లెక్క కాదు. కాగితం మీద 'జారీ చేసిన తేదీ నుంచి' అని రాసి ఉంది. 14 తర్వాత ఫిబ్రవరిలో మిగిలింది 14 రోజులు, మార్చిలో 31. అంటే 45వ రోజు మార్చి 31. జారీ అయిన రోజును కూడా కలిపి లెక్కేస్తే మార్చి 30. ఈ ఒక్క రోజు మీద వాదన పెట్టుకునే బదులు మీ పని 25వ తేదీకల్లా ముగించండి. మధ్యలో ఉగాది సెలవు ఉంది, చివరి వారంలో ఆర్థిక సంవత్సరం హడావిడి, సైట్ మొరాయించడం మామూలే. నోటీసు పోస్టులో ఆలస్యంగా అందడం వల్ల మీ గడువులో సగానికి పైగా పోయింది. అది మీ తప్పు కాదు, కానీ గడువు దానంతటదే పెరగదు. అభ్యంతరం రాసేటప్పుడు 'నోటీసు మార్చి 9న అందింది' అని ఒక వాక్యం రాసి, కవరు ఫోటో జత చేయండి.

మీ ఆయన 'కట్టేద్దాం' అంటున్నారు కదా, అందుకే ఇది కాస్త నిదానంగా చెబుతాను. చలానా కట్టడం అంటే బిల్లు కట్టినట్టు కాదు. తప్పు ఒప్పుకుని, కోర్టుకు వెళ్లకుండా రాజీ చేసుకోవడం. కట్టాక ఆ చలానా మీద ప్రశ్న అడిగే దారి దాదాపు మూసుకుపోతుంది. 'ముందు కట్టేసి తర్వాత తిరిగి అడుగుదాం' అనేది ఇక్కడ పనికిరాదు. అలాగని ఊరుకోవడమూ పనికిరాదు. మీ కాగితం మీదే ఉంది కదా, గడువులోగా కట్టకపోయినా, అభ్యంతరం చెప్పకపోయినా ఒప్పుకున్నట్టే లెక్క. పైగా బాకీ ఉన్న చలానా బండి రికార్డులో అలాగే ఉంటుంది. రేపు ఆ కారు అమ్మాలన్నా, మీ ఆయన పేరు మీదికి మార్చుకోవాలన్నా రవాణా శాఖ దగ్గర పని అక్కడ ఆగుతుంది. కాబట్టి మార్చి చివరికల్లా ప్రతి చలానాకూ ఏదో ఒకటి చేసి ఉండాలి, కట్టడమో అడగడమో.

ఏది కట్టాలి, ఏది అడగాలి అన్నది తేల్చేది సెక్షన్. మీరు ఉత్తరంలో బోర్డు కనిపించలేదని రాశారు. నూటికి ఎనభై మంది అదే రాస్తారు. కానీ మీ మీద వేసింది 'నో పార్కింగ్ బోర్డు ఉల్లంఘన' కాదు. 122వ సెక్షన్ బోర్డు గురించి మాట్లాడదు. బహిరంగ స్థలంలో ఇతరులకు ప్రమాదం గానీ, అడ్డంకి గానీ, తగని ఇబ్బంది గానీ కలిగేలా, కలిగే అవకాశం ఉండేలా బండిని నిలిపి ఉంచకూడదు అంటుంది. బోర్డు ఉన్నా లేకపోయినా అది వర్తిస్తుంది. అందుకే 'బోర్డు లేదు' అని మీరు నాలుగు పేజీలు రాసినా, చదివే అధికారి ఒక్క వాక్యంలో తోసిపుచ్చగలరు. మీరు అడగాల్సింది ఒక్కటే: ఆ ఫోటోలో అడ్డంకి కనిపిస్తోందా?

మీ ఫోటోలు పెద్దవి చేసి చూశాను. చెబితే నొచ్చుకోకండి, కనిపిస్తోంది. కారు ఎడమ చక్రాలు రోడ్డు అంచుకు ఆనుకుని లేవు, మధ్యలో బోండాల బండి ఉంది. అంటే బండి పక్కన, రోడ్డు వైపు మీరు ఆపారు. ఆ రోడ్డులో పొద్దున పదకొండు దాటాక ఆటోలు, ఆసుపత్రులకు వచ్చే జనం ఎంతుంటారో మీకు నేను చెప్పక్కర్లేదు. కారు వెనకాల ఒక ఆటో ముందుచక్రం కుడికి తిరిగి ఉంది. మీ కారును తప్పించుకుని పోతోందని ఆ చక్రమే చెబుతుంది. ఈ ఫోటో చూసి 'ఇది అడ్డంకి కాదు' అని వాదించమంటే నేను వాదించను.

అదే నోటీసులో బోర్డు ఉల్లంఘన అని ఉండి ఉంటే కథ వేరుగా ఉండేది. అప్పుడు బోర్డు ఎక్కడుంది, ఏ వైపు తిరిగి ఉంది, చెట్టుకొమ్మో ఫ్లెక్సీయో దాన్ని కప్పేసిందా అన్నవన్నీ అడగదగ్గ ప్రశ్నలే. అలాంటి నోటీసు వచ్చినవాళ్లు మర్నాడే అదే స్థలానికి వెళ్లి, బండి ఆపిన చోట నిలబడి, రోడ్డు పొడవునా రెండు వైపులా ఫోటోలు తీసి పెట్టుకోవాలి. నెల తర్వాత తీస్తే ఫ్లెక్సీ ఉండదు. బోర్డుల్లో కూడా తేడా ఉంది. నీలం గుండ్రంలో ఎర్రటి అంచు, ఒక్క అడ్డ గీత ఉంటే పార్కింగ్ కూడదు, కానీ మనిషిని దించి వెళ్లిపోవచ్చు. గీతలు రెండు ఒకదాన్నొకటి కోస్తూ ఉంటే అసలు ఆగనే కూడదు. చాలామంది ఈ రెంటినీ ఒకటే అనుకుని, దించి వెళ్లడానికి ఆగినా చలానా అన్యాయం అంటారు.

డ్రైవర్ సీట్లో మనిషి ఉంటే పార్కింగ్ కిందికి రాదని, నాలుగు ఇండికేటర్లూ వేసి ఉంచితే ఏమీ అనరని ఇంకో నమ్మకం మన దగ్గర బాగా పాతుకుపోయింది. 122లో ఉన్నది బండి 'నిలిచి ఉండటం' గురించి. లోపల మనిషి ఉన్నాడా, ఇంజన్ నడుస్తోందా అన్నది అది అడగదు. మనిషి ఉంటే పోలీసు వచ్చి 'తీయండి' అంటాడు, మీరు తీసేస్తారు, చలానా దాకా పోదు. లాభం అంతవరకే.

బాబు జ్వరం సంగతి. తల్లిగా మీకు అది పెద్ద కారణం, నాకూ అర్థమవుతుంది. చట్టంలో మాత్రం జ్వరానికి మినహాయింపు లేదు. అభ్యంతరంలో దాన్ని రాయొచ్చు, అధికారి మనసు కాస్త మెత్తబడొచ్చు. కానీ అది విన్నపం, హక్కు కాదు. బండి నడిరోడ్డులో చెడిపోయి ఆగితే, ప్రాణాపాయంలో ఉన్న మనిషిని దింపుతూ ఆగితే, మెకానిక్ బిల్లో క్యాజువాల్టీ చీటీయో చూపించి అడిగితే దానికి బరువుంటుంది. మామూలు ఓపీకి వెళ్లడాన్ని ఆ లెక్కలో కలపరు.

అందువల్ల నా సలహా, 11:40 నాటి మొదటి చలానా కట్టేయండి.

రెండోది కట్టకండి. మీ కేసులో పట్టుకోవాల్సింది దీన్నే. 11:40కి తీసిన ఫోటోలో కారు, 11:52కి తీసిన ఫోటోలో కారు ఒకే చోట, కదలకుండా ఉన్నాయి. మధ్యలో మీరు తీసి మళ్లీ పెట్టలేదు. ఒకసారి ఆపడం ఒక తప్పు. దాన్ని పన్నెండు నిమిషాల తేడాతో రెండుసార్లు ఫోటో తీస్తే రెండు తప్పులు కావు. సాధారణంగా ఇలా ఎందుకు జరుగుతుందంటే, ఒకే రోడ్డులో ఇద్దరు తిరుగుతుంటారు, ఒకరు ఫోటో తీసిన సంగతి ఇంకొకరికి తెలీదు. కావాలని చేశారని అనుకోవక్కర్లేదు, అభ్యంతరంలో అలా రాయకూడదు కూడా. ఇక్కడ రూ. 535 కంటే ఇంకో నష్టం ఉంది. 177వ సెక్షన్‌లో మొదటి తప్పుకు రూ. 500 వరకు, ఆ తర్వాతి తప్పులకు రూ. 1500 వరకు జరిమానా ఉంది. 2019 సవరణకు ముందు అవి వంద, మూడు వందలు. ఊరికే రెండూ కట్టేస్తే ఆ కారు రికార్డులో రెండు తప్పులు ఒప్పుకున్నట్టు ఉంటుంది. రేపు మీ ఆయన ఎక్కడో ఒకచోట ఆపితే అది మూడోది అవుతుంది.

కదలలేదని చూపించేది మీ చేతిలోనే ఉంది. రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టండి. బోండాల బండి అదే అన్నది మంచి గుర్తే, కానీ బండి అక్కడే రోజంతా ఉంటుంది కాబట్టి ఒక్కదాని మీదే ఆధారపడకండి. కారు వెనక చక్రం చూడండి. రెండు ఫోటోల్లోనూ చక్రం పక్కనే రోడ్డు మీద తారు అతుకు ఒకటి ఉంది, చక్రం దాని అంచు మీదే ఉంది. ముందు చక్రాలు తిరిగిన కోణం కూడా ఒకటే, కొంచెం ఎడమకు. బండి తీసి, మళ్లీ అక్కడే పెడితే చక్రం వెంట్రుకవాసి తేడా లేకుండా అదే అతుకు మీద, అదే కోణంలో నిలవడం జరగని పని. ఈ ముక్క రాసి, రెండు ఫోటోల్లోనూ ఆ చోట గుర్తు పెట్టి పంపండి. డాక్టరు దగ్గర టోకెనో బిల్లో ఉండి దాని మీద టైము ఉంటే అదీ జత చేయండి. 11:40కి, 11:52కి మధ్య టైము ఉంటే మీరు లోపల ఉన్నారని తేలిపోతుంది. టైము లేని చీటీ అయినా తేదీ ఉంటుంది కాబట్టి పనికొస్తుంది. ఆన్‌లైన్‌లో ఫీజు కట్టి ఉంటే ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో నిమిషంతో సహా ఉంటుంది, దాని స్క్రీన్‌షాట్ తీసుకోండి.

డబ్బు కట్టేటప్పుడు ఒక జాగ్రత్త. సైట్‌లో రెండు చలానాలూ ఒకదాని కింద ఒకటి ఉంటాయి, తేదీ ఒకటే, మొత్తం ఒకటే. నంబరు చూసుకుని, 11:40ది మాత్రమే ఎంచుకుని `Pay Now` నొక్కండి. డబ్బు పోయి కూడా చలానా `Pending` అనే చూపిస్తే కంగారుపడి మళ్లీ కట్టకండి. ఒకటి రెండు రోజులు ఆగి, పేమెంట్ స్థితిని అదే సైట్‌లో సరిచూసుకోవచ్చు. రసీదు దించుకున్నాకే రెండో పని మొదలుపెట్టండి, ఎందుకంటే ఆ రసీదే మీ అభ్యంతరంలో మొదటి కాగితం. తప్పు ఒప్పుకుని కట్టినవాళ్లు, రెండోసారి వేయడం సరికాదని అడుగుతున్నారంటే చదివే అధికారికి మీ మీద నమ్మకం కుదురుతుంది.

అభ్యంతరం అదే ఈ-చలానా సైట్‌లోని ఫిర్యాదు పేజీలో పెట్టొచ్చు. పేరు, ఫోన్, చలానా నంబరు, విషయం రాసి కాగితాలు అప్‌లోడ్ చేయాలి. పెట్టాక ఒక టికెట్ నంబరు ఇస్తుంది, అది రాసి పెట్టుకోండి. మీరు ఊళ్లోనే ఉన్నారు కాబట్టి తిరుపతి ట్రాఫిక్ పోలీసులకు కాగితం మీద కూడా ఒకటి ఇవ్వండి. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు సంతకం, ముద్ర, తేదీ వేయించుకోవాలి. ముద్ర వేయమంటే మొహమాటపడకండి. గడువులోగా అడిగాం అని రేపు చూపించాల్సి వస్తే అదే దిక్కు. ఆర్సీ మామగారి పేరు మీద ఉంది కాబట్టి సంతకం ఆయనది ఉండాలి. ఆయన తిరుపతి రాలేకపోతే, 'నా తరఫున నా కోడలు ఇస్తుంది' అని రెండు వాక్యాల లెటర్, ఆర్సీ కాపీ చాలు.

పెద్దగా రాయక్కర్లేదు. ఇలా ఉంటే చాలు:

"నా కారు (నంబరు) మీద ఫిబ్రవరి 12న తిలక్ రోడ్డులో 11:40కి ఒకటి, 11:52కి ఒకటి, రెండు చలానాలు (నంబర్లు) జారీ అయ్యాయి. ఆ రోజు కారును నా కోడలు నడిపింది. మొదటి చలానా చెల్లించాము, రసీదు జత చేశాను. రెండు ఫోటోల మధ్య కారు కదలలేదు. వెనక చక్రం రోడ్డు మీద ఒకే అతుకు అంచున ఉండటం, ముందు చక్రాల కోణం మారకపోవడం ఫోటోల్లో గుర్తు పెట్టి చూపించాను. ఆ సమయంలో ఆమె డాక్టరు దగ్గర ఉన్నట్టు చూపే కాగితం కూడా జత చేశాను. ఒకే నిలుపుదలకు రెండోసారి జారీ అయిన చలానాను రద్దు చేయవలసిందిగా కోరుతున్నాను. నోటీసులు నాకు మార్చి 9న అందాయి, కవరు కాపీ జత చేశాను."

ఇందులో బోర్డు మాట లేదు, అడ్డంకి లేదన్న మాట లేదు, పోలీసుల మీద కోపమూ లేదు. ఒక అభ్యంతరంలో ఒక్క కారణం ఉంటే అధికారి దానికే జవాబు చెప్పాలి. అయిదు కారణాలు రాస్తే వాటిలో బలహీనమైనదాన్ని పట్టుకుని మొత్తం తోసేస్తారు. 'బోర్డు లేదు, బాబుకు జ్వరం, అందరూ అక్కడే ఆపుతారు, పైగా రెండుసార్లు వేశారు' అని రాస్తే చివరి ముక్క దాకా ఎవరూ రారు. అందరూ అక్కడే ఆపుతారన్నది నిజమే కావచ్చు, దానికి అధికారి చెప్పే సమాధానం 'వాళ్లకూ వేస్తాం' అని.

జవాబు వచ్చే దాకా రెండో చలానా సైట్‌లో `Pending` అనే ఉంటుంది, దానికి కంగారు పడకండి. రద్దయితే మంచిదే. తోసిపుచ్చితే కారణం రాతపూర్వకంగా ఇమ్మని అడగండి, కట్టడానికి ఇచ్చే కొత్త గడువు ఎంతో చూసుకోండి. ఆ తర్వాత మిగిలేది మేజిస్ట్రేట్ కోర్టు. మీ వాదన కోర్టులోనూ నిలుస్తుందనే నా నమ్మకం. అయినా రూ. 535 కోసం మీరో, మీ మామగారో సెలవు పెట్టి, వకీలుకు ఫీజు ఇచ్చి వెళ్లడం నేను సలహా ఇవ్వను. ఆ దశలో కట్టేయడమే నయం. కేసు కోర్టు దాకా ఎలాగూ పోతే, లోక్ అదాలత్ రోజున వెళ్లి రాజీ చేసుకునే అవకాశం కూడా ఉంటుంది.

మీలాంటి ఉత్తరాలే ఇంకొన్ని వచ్చాయి కాబట్టి వాళ్లకోసం రెండు మాటలు. చలానా ఫోటోలో ఉన్నది మీ బండి కాకపోతే, అంటే నంబరు అదే ఉన్నా మోడలో రంగో వేరైతే, అది అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. ప్లేటు మీద 8ని B అనీ, 0ని D అనీ చదివిన సందర్భాలు చాలా ఉంటాయి. మీ బండి ముందు, వెనక, పక్కల ఫోటోలు, ఆర్సీలో రంగు, మోడల్ ఉన్న పేజీ జత చేస్తే సరిపోతుంది. మీ నంబరే ఇంకో బండికి తగిలించి తిరుగుతున్నారని అనుమానం వస్తే చలానా అభ్యంతరంతో ఆగకుండా పోలీసు ఫిర్యాదు కూడా ఇవ్వాలి. బండి అమ్మేసినా ఆర్సీ మార్చుకోనివాళ్ల పరిస్థితి ఇంత తేలిక కాదు. రికార్డులో పేరున్నవారినే యజమానిగా చూస్తారు. అమ్మిన తేదీతో ఉన్న కాగితం, కొన్నవాళ్ల వివరాలు ఇచ్చి అడగొచ్చు గానీ, ఆర్సీ మారేదాకా చలానాలు వస్తూనే ఉంటాయి.

చివరగా మీ ఇంటి సంగతి. చలానా జారీ అయినప్పుడు ఆర్సీకి కలిపి ఉన్న ఫోన్ నంబరుకు ఎస్సెమ్మెస్ వస్తుంది. మీ మామగారికి అలాంటిదేమీ రాలేదంటే ఆ రికార్డులో ఉన్నది పాత నంబరేమో. పరివాహన్ సైట్‌లో చాసిస్, ఇంజన్ నంబర్లు ఇచ్చి దాన్ని మార్చుకోవచ్చు. కారు వాడేది మీరే కాబట్టి అక్కడ మీ నంబరు గానీ మీ ఆయన నంబరు గానీ పెట్టమని మామగారిని అడగండి. అభ్యంతరం పెట్టే రోజే ఈ పనీ చేసేయండి, ఆర్సీ ఎలాగూ చేతిలో ఉంటుంది.